ఆపేసుకో వద్దు

నాకు తొందర ఎక్కువ. ఆస్పత్రి గేటు దాకా కూడా ఆగకుండా ఆటోలోనే పుట్టానని మా అమ్మ ఎవరు కొత్తగా ఇంటికొచ్చినా చెప్పేది. ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది గానీ, అందులో అబద్ధమేమీ లేదు. మెట్రోలో తలుపు తెరుచుకోకముందే తలుపు దగ్గర నిలబడేదాన్ని. టీ చల్లారేదాకా ఆగడం చేతకాక నాలుక కాల్చుకునేదాన్ని. అలాంటిదానికి రీల్స్‌కి అక్షరాలు ఎక్కించే ఉద్యోగం దొరికితే, నీకు తగిన పనేనే అని స్నేహితురాళ్లంతా నవ్వారు. నిజానికి అంత ఓపిక కావాల్సిన పని ఇంకోటి నేను చూడలేదు.

మా స్టూడియో అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తులో ఉండేది. స్టూడియో అన్నది బోర్డు మీద మాటే. ఉన్నది ఒక గది, నాలుగు కంప్యూటర్లు, అలిగినట్టు చప్పుడు చేసే ఏసీ. కింద కొత్త బ్యాచ్‌ల కాగితాలు పంచేవాళ్ల అరుపులు పొద్దంతా పైకి వినబడేవి. నడిపే ఆయనను అందరం అన్న అనేవాళ్లం. పళ్ల డాక్టర్లు, చీరలమ్మే ఆవిడలు, ఇంగ్లీషు నేర్పే సార్లు ఫోన్ నిలువుగా పెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడి మాకు పంపేవాళ్లు. మధ్యలో వాళ్లు ఊపిరి పీల్చుకున్న చోటల్లా కత్తిరించి, మాట పలికిన క్షణానికే ఆ మాట తెరమీద ఎగిరొచ్చేలా, అందులో ముఖ్యమైనది పసుపుపచ్చ డబ్బాలో వెలిగేలా చెయ్యడం నా పని.

చెప్పడానికి తేలికే. గొంతు విని సాఫ్ట్‌వేర్ తనంతట తానే మాటలు రాసిపెడుతుంది. కానీ తెలుగు వింటే దానికి చెముడు వస్తుంది. "పన్ను" అంటే "పెన్ను" అని రాస్తుంది, "కడుపు" అంటే "గడప" అని రాస్తుంది. అవన్నీ దిద్దాలి. తర్వాత గొంతు ఎత్తుపల్లాలు చూపే గీతల మీద ఒక్కో మాటను అటూ ఇటూ జరిపి, పెదవి కదిలిన చోట నిలబెట్టాలి. అక్షరం అక్షరంగా ఆడిద్దామంటే ఒత్తులు ఊడిపోయి పక్కన పడతాయి కాబట్టి మాట మాటగానే ఆడించాలి. డబ్బా ఎత్తు చాలకపోతే "ద్దు" కింద ఒత్తు తెగిపోతుంది. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. క్లయింట్లు తిడితే తెలిశాయి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది తెలుగు మాటల పొడవు. అన్న పెట్టిన రూలు ఒకటే: అక్షరాలు పెద్దగా ఉండాలి, ఒకసారికి ఒక్క మాటే కనబడాలి. ఇంగ్లీషు మాట అయితే బుద్ధిగా ఆ సన్నటి తెరలో ఇముడుతుంది. మనది ఒక్క మాటలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు, అవునా కాదా అన్నీ మోసుకొస్తుంది. "తీసుకెళ్లాల్సొచ్చింది" అని ఒకావిడ అన్నది. ఆ మాట రెండు పక్కలా తెర దాటిపోయింది. చిన్నగా చేస్తే అన్న ఊరుకోడు. అందుకని మధ్యలో స్పేస్ కొట్టేదాన్ని. స్పేస్ కనబడితే చాలు, సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు మాటలుగా లెక్కేసి ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. నా చెయ్యి దానికి ఎంత అలవాటు పడిందంటే, పొడుగు మాట కనబడగానే ఆలోచించకుండా బొటనవేలు స్పేస్ మీదికి పోయేది.

మా నాయిన నా పనికి పెద్ద అభిమాని. అంతకుముందు సెంట్రింగ్ పనికి పోయేవాడు. మోకాళ్లు పోయాక మధురానగర్‌లో ఒక అపార్టుమెంటుకు పగటి వాచ్‌మన్‌గా కుదిరాడు. బోరబండ నుంచి పొద్దున్నే పోయేవాడు. గేటు దగ్గర ఫోన్ చప్పుడు వినబడితే అక్కడి సెక్రెటరీకి కోపం. అందుకని నాయిన సౌండు మొత్తం తీసేసి నా రీల్స్ చూసేవాడు. ఐదో తరగతి చదువు. కూడబలుక్కుని చదువుతాడు. పేపరు పట్టుకుంటే ఒక్క ముక్క పూర్తయ్యేసరికి కళ్లు లాగుతాయి. ఒక్కో మాటా పెద్దగా వచ్చి పోతుంటే మాత్రం సంబరంగా చదివేవాడు.

"గిది మంచిగున్నది బిడ్డా. నా అసొంటోడు సుత సదువుతడు. అన్నీ అందవు గని పచ్చడబ్బాల ఉన్నయి మాత్రం పట్టుకుంట" అనేవాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నాయిన అప్పుడే చెప్పాడు తను ఎలా చదువుతాడో. నేను మెచ్చుకోలు విన్నాను గానీ మాట వినలేదు.

పంజగుట్టలో ఒక డాక్టరుగారు మా క్లయింటు. గోదావరి వైపు ఆవిడ, నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడేవారు. వారానికి రెండు రీల్స్ పంపేవారు. ఆ వారం వచ్చిన దాంట్లో ఇలా చెప్పారు: "బీపీ మామూలుకి వచ్చిందా? సంతోషం. అది మాత్ర వల్లే వచ్చింది. అందుకని మీ అంతట మీరు మాత్ర ఆపేసుకోవద్దు." పావు నిమిషం కూడా లేదు. నేను చేసిన పావుగంట పనిని ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో లెక్కలేదు.

"ఆపేసుకోవద్దు" పట్టలేదు. స్పేస్ కొట్టాను. "ఆపేసుకో" ఒక మాటైంది, "వద్దు" ఒక మాటైంది. బలమైన మాట పచ్చడబ్బాలో పెట్టాలి కాబట్టి "ఆపేసుకో" మీద నొక్కాను, అది వెలిగింది. చివర్లో డాక్టరుగారు కాసేపు ఊరికే కెమెరా వైపు చూశారు. రీల్ చివర ఖాళీ ఉంటే జనం వేలితో తోసేస్తారని అక్కడికక్కడే కోసేశాను. దాంతో "వద్దు" కనబడింది రెప్పపాటే. అది కూడా తెల్లటి అక్షరాలతో, డాక్టరుగారి తెల్లకోటు మీద. చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి నాకు. "వద్దు" అని గంటకొట్టినట్టు వినబడింది. వినబడింది కాబట్టి కనబడిందనే అనుకున్నాను.

పది రోజుల తర్వాత, ఒక పొద్దుటిపూట, అపార్టుమెంటు వాళ్లు ఫోన్ చేశారు. నాయిన గేటు దగ్గర తల పట్టుకుని కూలబడ్డాడట. మూడో అంతస్తులో ఉండే నర్సు చూస్తే బీపీ ఎక్కడికో పోయి ఉందట. నేను పరుగెత్తుకెళ్లేసరికి కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు మందిచ్చి, పడుకోబెట్టి, గంటకోసారి చూసి, గండం తప్పిందన్నాడు. ఆ తర్వాత అడిగాడు, రోజూ మాత్ర వేసుకుంటున్నావా అని.

"లేదు సారు. బందు వెట్టిన."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మనే చెప్పింది. బీపీ మంచిగైతే ఆపుమన్నది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ మా అక్క కాన్పుకని సంగారెడ్డి పోయి ఉంది. ఉంటే చేతిలో పెట్టి మింగించేది. లేదని ఈయన సొంత వైద్యం మొదలుపెట్టాడన్నమాట. మంచం మీదున్న మనిషని కూడా చూడకుండా అరిచాను.

"ఏ డాక్టరమ్మ నాయినా? ఎవరిని పోయి అడిగినవ్ నువ్వు? మందులతోని ఆటలా?"

నాయిన బిత్తరపోయి నా వైపు చూశాడు. దిండు కింద నుంచి ఫోన్ తీసి, వేలితో జరిపి జరిపి నా చేతికిచ్చాడు.

"నీ వీడియోలనే ఉన్నది గద బిడ్డా. నువ్వే రాసినవ్, పచ్చడబ్బాల."

సౌండు లేదు. పంజగుట్ట డాక్టరుగారి పెదవులు కదులుతున్నాయి. బీపీ. మామూలుకి. వచ్చిందా. సంతోషం. పచ్చగా ఒక్కోటీ వెలిగి పోతోంది. మాత్ర. ఆపేసుకో. తెల్లగా ఏదో మెరిసింది. మళ్లీ మొదట్నుంచి, బీపీ. నేను రాసింది నాకే కనబడలేదు. అరిచిన నోరు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇంగ్లీషు వాడి "డోంట్" మాటకు ముందే వచ్చి అడ్డం నిలబడుతుంది. మన "వద్దు" చిట్టచివర తోక పట్టుకుని వస్తుంది. నేను ఆ తోకే కోసేశాను.

అప్పుడు కింద కామెంట్లు చూశాను. చూడకపోతే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దండాలు, గులాబీలు, హృదయాలు. వాటి మధ్య ఒకరు: "థాంక్యూ మేడం, నేను సుత ఆపేసిన." ఇంకొంచెం కిందికి పోతే ఇంకొకరు: "మా అత్తగారివి ఈ రోజు నుంచి మాన్పించేశామండి." రీల్ గత రెండ్రోజుల్లోనే ఊపందుకుంది. నేను చూస్తుండగానే చూసినవాళ్ల అంకె మారింది. ఆ మారినదాంట్లో మా నాయిన లాంటివాళ్లు ఎందరో ఎవరికి తెలుసు?

కబురందుకుని వచ్చిన మేనత్తను నాయిన దగ్గర కూర్చోబెట్టి స్టూడియోకి పోయాను. మెట్లు రెండేసి ఎక్కాను. అన్న కంప్యూటర్‌లో ఆ రీలే తెరిచి పెట్టుకుని మురిసిపోతున్నాడు.

"అన్నా, గా రీల్ ఇప్పుడే తీసెయ్యాలె."

అన్నీ విన్నాడు. నాయిన సంగతి విని నిజంగానే బాధపడ్డాడు. ఆస్పత్రికి తనూ వస్తానన్నాడు. రీల్ మాటకొచ్చేసరికి మాత్రం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"గిప్పుడే లేస్తున్నది. మేడం మస్తు ఖుషీగున్నది. తీసేస్తే మల్ల జీరో నుంచి మొదలు. జర ఆగు, కింద వివరణ రాద్దాం."

"కింద రాసింది ఎవరు సదువుతరన్నా? పచ్చడబ్బా సదివినోడు కిందికి పోతడా?"

"పోనీ అక్షరం ఒక్కటి మార్చరాదూ?"

తెలిసీ అడిగాడు. అక్షరాలు వీడియోలో కలిసిపోయాక మార్చడానికేమీ ఉండదు. పిండి ముద్దలోంచి ఉప్పు వెనక్కి తీయగలమా? మళ్లీ చేసి, మళ్లీ ఎక్కించాలి, పాతది తీసెయ్యాలి. అకౌంటు డాక్టరుగారిది, తీసేసే చెయ్యి కూడా ఆవిడదే. సాయంత్రం ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు అన్న. సాయంత్రం దాకా ఎందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. బ్యాగు తీసుకుని దిగిపోయాను.

అమీర్‌పేట నుంచి పంజగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషనే. అయినా ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడే ఓపిక నాకు లేదు, కాళ్లు ఆగడం లేదు. మెట్రో స్తంభాల వెంట నడిచాను, సగం నడక, సగం పరుగు. ఎదురొచ్చినవాళ్లలో సగం మంది చేతిలో ఫోనే. బస్టాపులో ఒక పెద్దాయన చెవిలో ఏమీ లేకుండా, వేలితో పైకి తోస్తూ చూస్తున్నాడు. ఆయన ఫోన్‌లోకి తొంగిచూశాను సిగ్గు లేకుండా. ఏదో కోడికూర వీడియో. ప్రాణం కాస్త కుదుటపడింది, పది అడుగుల దాకా.

క్లినిక్‌లో పేషంట్లు నిండుగా ఉన్నారు. నంబరు తీసుకోమన్నది కౌంటర్ అమ్మాయి. పేషంటును కాదు, రీల్స్ పిల్లను అన్నాను. డాక్టరుగారు రెండు నిమిషాలు లోపలికి పిలిచారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా ఓపిగ్గా విని, తన ఫోన్‌లో రీల్ పెట్టుకున్నారు. సౌండుతో.

"సరిగ్గానే ఉంది కదమ్మా. వద్దు అన్నాను. మీరూ వద్దు అని వేశారు. మీ నాన్నగారు పొరపాటుపడ్డారేమో."

సౌండు తీసి చూడమన్నాను. చూశారు. "ఇప్పుడూ కనబడుతోందమ్మా. ఆపేసుకో, వద్దు" అన్నారు. ఆవిడది మొండితనం కాదు. ఏం చెప్పారో ఆవిడకు ముందే తెలుసు, కళ్లు దాన్ని తెచ్చి పెట్టేసుకుంటున్నాయి. పది రోజుల కింద నా చెవులు చేసిన పనే అది. ఎలా చెప్పాలో తెలియలేదు. ఏడుపు వచ్చేలా ఉంది. ఏడిస్తే మాట పోతుందని కోపం తెచ్చుకున్నాను. తలుపు తీసి, బయట బెంచీ మీద మొదట కూర్చున్న ఆవిడ దగ్గరికి సౌండు తీసేసిన నా ఫోన్ పట్టుకుని పోయాను. యాభై ఏళ్లుంటాయి, ఒళ్లో రిపోర్టుల కవరు. డాక్టరుగారు నా వెనకాలే గుమ్మం దాకా వచ్చారు.

"అమ్మా, జర గిది చూసి మేడం ఏం చెప్తున్నరో చెప్పవా?"

ఆవిడ ఫోన్ కాస్త దూరం పెట్టుకుని, పెదవులు కదుపుతూ చూసింది. రీల్ ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. తర్వాత తలెత్తి, నన్ను కాదు, గుమ్మంలో ఉన్న డాక్టరుగారిని చూసింది.

"గోలీ ఆపేసుకోమంటున్నరు. నాకు సుత బీపీ మంచిగనే వస్తున్నది మేడం. ఆపేయాల్నా మరి?"

డాక్టరుగారు గబగబా ఆవిడ ముందుకొచ్చారు. "వద్దమ్మా, వద్దు, వద్దు" అన్నారు. మూడుసార్లన్నారు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మళ్లీ ఒకసారన్నారు. తర్వాత లోపలికి వచ్చి నిలబడే ఫోన్ తీశారు.

తీసేసే బటన్ మీదికి వేలు పోతుంటే ఈసారి ఆగమన్నది నేనే. జీవితంలో మొదటిసారేమో. రీల్ పోతే కామెంట్లు కూడా పోతాయి. ఆపేశామన్నవాళ్లు ఎవరో ఇక ఎప్పటికీ తెలియదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని కామెంట్లు కింది దాకా చదివాం. బయట పేషంట్లు గొణుగుతున్నారు. ఒక్కో పేరూ ఫొటో తీసి పెట్టుకున్నాను. ఆరుగురు తేలారు. రాయనివాళ్ల సంగతి దేవుడికే తెలియాలి. అప్పుడు డాక్టరుగారు రీల్ తీసేశారు.

"తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా. నేను ఒక్కసారి కూడా సౌండు లేకుండా చూసుకోలేదు" అన్నారు. ఆ మాటతో నాకు ఊరట కలగలేదు.

ఆ ఆరుగురికీ డాక్టరుగారి అకౌంటు నుంచే, ఆవిడ చెప్తుంటే, నేనే రాశాను: మాత్ర మళ్లీ మొదలుపెట్టండి, దగ్గర్లోని డాక్టరుకు వెంటనే చూపించుకోండి, పొరపాటు మాది. కొత్త రీల్ అక్కడే కూర్చుని ఫోన్‌లో చేశాను. "ఆపేసుకోవద్దు" మొత్తం ఒకే డబ్బాలో పెట్టాను, ఎర్ర డబ్బాలో. అక్షరాలు చిన్నవయ్యాయి, అయితే అయ్యాయనుకున్నాను. చివర్లో కోసేసిన ఖాళీ తిరిగి అతికించాను. డాక్టరుగారు ఊరికే చూస్తూ ఉంటారు, మాట నిలబడి ఉంటుంది. అన్న ఫోన్ చేసి అక్షరాలు చిన్నగున్నాయన్నాడు. అట్లనే ఉంటయి అన్నా అని పెట్టేశాను. మర్నాడు అతనే వచ్చి గోడ మీద కాగితం అంటించాడు, ప్రతి రీల్ సౌండు లేకుండా ఒకసారి చూడాలని.

నాయిన రెండ్రోజుల్లో ఇంటికొచ్చాడు. కొత్త రీల్ పెట్టి చేతికిచ్చాను. అలవాటు కొద్దీ సౌండు తీసేసుకున్నాడు. వేలు అక్షరాల కింద జరుపుతున్నట్టు గాలిలో జరిపాడు.

"ఆ... పే... సు... కో... వ... ద్దు." ఆగి, నా వైపు చూశాడు. "గీ వద్దు మొన్న లేకుండె గద బిడ్డా?"

"ఉండె నాయినా. నేనే ఇరగ్గొట్టిన."

"అట్లనా" అన్నాడు, అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆరుగురిలో ఐదుగురు వారంలోపే జవాబిచ్చారు. ఒకరు తిట్లతో, ఇంకొకరు అత్తగారు బాగున్నారని ఫొటోతో. ఆరోవాళ్లు ఇవ్వలేదు. "నేను సుత ఆపేసిన" అని రాసింది ఆ మనిషే. పేరున్న చోట పేరు లేదు, ముఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు బొమ్మ. డాక్టరుగారు ఇంకో రెండుసార్లు రాశారు. మెసేజ్ చూసినట్టు గుర్తు కూడా పడలేదు.

ఆ సంగతి ఒకరోజు నాయినకు చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. అప్పటినుంచి పొద్దున డ్యూటీకి పోయేముందు మాత్ర అరచేతిలో పెట్టుకుని, నీళ్ల గ్లాసు ఇంకో చేత పట్టుకుని, మింగకుండా నా వైపు తిరుగుతాడు.

"గా గులాబిపువ్వాయన ఏమన్న అన్నడా బిడ్డా?"

"లేదు నాయినా" అంటాను.

అప్పుడు మింగుతాడు.